ఫొటోలో ఏది చెరిపేశారు?

వరద ప్రాంతంలో తీసిన ఫొటో ఒకటి ఉందనుకుందాం. అందులో నీళ్ల పక్కన ఆగిన లారీని ఎవరో చెరిపేశారు, ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ నీళ్లతో నింపేసింది. చూసేవారికి తేడా తెలియదు.

ఇలాంటి మార్పుల చరిత్రను ఫైల్లోనే దాచే పద్ధతి పేరు కంటెంట్ క్రెడెన్షియల్స్. అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ వంటి సంస్థలు 2021లో ఏర్పాటు చేసిన సీటూపీఏ కూటమి దీని ప్రమాణాలు రూపొందించింది. 2023లో వచ్చిన లైకా ఎం11-పి వంటి కెమెరా ఫొటో తీసినప్పుడే దాని డిజిటల్ వేలిముద్రను లెక్కించి సంతకం చేస్తుంది. ఆ ఫొటోను ఈ పద్ధతికి అనువైన సాఫ్ట్‌వేర్‌లో దిద్దితే, పాత రికార్డును ఉంచి, ఏం చేశారో రాసి, కొత్త సంతకం జతచేస్తుంది. contentcredentials.org/verify లో ఫైలును తెరిస్తే ఆ వరుస కనిపిస్తుంది. లారీ చెరిపారని సూటిగా రాసి ఉండకపోవచ్చు. ఏఐతో మార్చారని మాత్రమే ఉండొచ్చు. అప్పుడు రికార్డులో మూల చిత్రపు చిన్న నమూనా ఉంటే, దాన్ని ఇప్పటి ఫొటోతో పోల్చి చూడాలి.

ఈ పద్ధతి తెలియని సాఫ్ట్‌వేర్‌లో మార్చినా పాత రికార్డు మిగిలే ఉంటే, వేలిముద్ర కలవక తనిఖీలో తేడా బయటపడుతుంది. రికార్డే పోతే ఆ ఆధారం ఉండదు. స్క్రీన్‌షాట్ తీసినా, కొన్ని యాప్‌లలో పంపినా అది పోతుంది. అందుకే రికార్డు లేనంత మాత్రాన ఫొటో అబద్ధమని అనలేం. సంతకం ఉన్నంత మాత్రాన దృశ్యం నిజమనీ అనలేం, ఎందుకంటే కెమెరా ముందు నాటకమాడినా సంతకం సరిగ్గానే పడుతుంది.