ఆగి ఆగి నడిచే ల్యాప్‌టాప్: వారంటీ వాళ్ళకి ఉత్తరం ఎలా రాయాలి

పూర్తిగా చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌తో ఇబ్బంది తక్కువే. బటన్ నొక్కితే వెలగదు, సర్వీస్ సెంటర్‌లో కూడా వెలగదు, పార్టు మారుస్తారు. అసలు చిక్కంతా ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచే ల్యాప్‌టాప్‌తోనే. మన ఇంట్లో వారంలో రెండుసార్లు ఆగిపోయిన యంత్రం టెక్నీషియన్ బల్ల మీద గంటసేపు నిక్షేపంగా నడుస్తుంది. అతను కంపెనీ ఇచ్చిన డయాగ్నస్టిక్ పరీక్ష పెడతాడు, అన్నీ పాస్. విండోస్ మళ్ళీ వేసి, జాబ్ షీట్ మీద ‘లోపం కనపడలేదు’ అని రాసి ఇచ్చేస్తాడు. అతను అబద్ధం రాయలేదు. అతనికి నిజంగానే కనపడలేదు.

అందుకే ఇలాంటి లోపానికి వారంటీ విభాగానికి పంపే ఈమెయిల్ ఫిర్యాదులా ఉంటే చాలదు. టెక్నీషియన్ తన బల్ల మీద ఆ లోపాన్ని మళ్ళీ పుట్టించగలిగేలా ఉండాలి. ‘తరచుగా క్రాష్ అవుతోంది, చాలా ఇబ్బందిగా ఉంది, వెంటనే చర్య తీసుకోండి’ అని రాస్తే అందులో అతను చేసి చూడడానికి ఏమీ ఉండదు.

ఒక కేసు ఊహించుకుందాం. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి. ల్యాప్‌టాప్ 2024 ఆగస్టు 14న కొన్నది, వారంటీ ఏడాది. 2025 జూన్‌లో అది ఆగిపోవడం మొదలైంది. మూడుసార్లు ఆగాక సర్వీస్ సెంటర్‌కి ఇచ్చింది, విండోస్ మళ్ళీ వేసి ఇచ్చారు, నాలుగు రోజులకే మళ్ళీ ఆగింది. వారంటీ ఇంక నెలన్నర ఉంది. ఆమె ఏం చెయ్యాలి?

మొదట చెయ్యాల్సింది ‘క్రాష్’ అన్న మాటని విడగొట్టడం. ఆ ఒక్క మాటలో మూడు వేరు వేరు సంగతులు ఉంటాయి. నీలం తెర వచ్చి, దాని మీద ఒక స్టాప్ కోడ్ చూపించి, తనంతట తాను రీస్టార్ట్ కావడం ఒకటి. అక్కడ విండోస్‌కి లోపం తెలిసింది, కాబట్టి పేరు చెప్పి ఆగింది. రెండోది, తెర బిగుసుకుపోవడం: బొమ్మ అలాగే ఉంటుంది, మౌస్ కదలదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మూడోది, దీపం ఆర్పినట్టు పోవడం: తెర నలుపు, ఫ్యాన్ నిశ్శబ్దం, లైట్లన్నీ ఆరిపోతాయి. ఈ మూడోదాంట్లో విండోస్‌కి ఏం జరిగిందో చూసుకునే వ్యవధి కూడా ఉండదు. నీలం తెరకి డ్రైవర్ కారణం కావచ్చు, ర్యామ్ కారణం కావచ్చు. దీపం ఆరినట్టు పోతే మాత్రం చూపు కరెంటు సరఫరా వైపు, వేడి వైపు, మదర్‌బోర్డు వైపు తిరుగుతుంది. మన అమ్మాయిది మూడో రకం. ఉత్తరంలో ‘క్రాష్’ అని రాసి ఊరుకుంటే చదివేవాళ్ళు మొదటి రకం అనుకుని డ్రైవర్లు అప్‌డేట్ చెయ్యమంటారు.

తర్వాత తేదీలు. ఇక్కడ విండోస్ కొంత సాయం చేస్తుంది. స్టార్ట్ మెనూలో ఇది టైప్ చేస్తే రిలయబిలిటీ మానిటర్ తెరుచుకుంటుంది:

```
perfmon /rel
```

రోజువారీ పట్టికలో ఎర్ర గుర్తులు కనిపిస్తాయి, వాటి తేదీలు రాసుకోవచ్చు. ఇంకొంచెం లోతుగా చూడాలంటే Event Viewer తెరిచి, Windows Logs కింద System చూడాలి. అక్కడ Kernel-Power 41 అన్న ఎంట్రీ ఉంటుంది. కంప్యూటర్ సవ్యంగా షట్‌డౌన్ కాకుండా మళ్ళీ లేచిందని దాని అర్థం, అంతే. కారణం అది చెప్పదు. పైగా దాని పక్కన ఉండే సమయం యంత్రం ఆగిన సమయం కాదు, మళ్ళీ ఆన్ చేసిన సమయం. రాత్రి ఆగిపోయి పొద్దున ఆన్ చేస్తే 41 పొద్దుటి సమయమే చూపిస్తుంది. ఆగిన సమయం కావాలంటే దాని దగ్గర్లోనే ఉండే 6008 అన్న ఎంట్రీ చూడాలి, దాని వాక్యంలోనే ఆగిన తేదీ, గంట ఉంటాయి. ఇంకో సంగతి, 41 ఎంట్రీ వివరాల్లో BugcheckCode అని ఒక అంకె ఉంటుంది. అది సున్నా అయితే నీలం తెర కోడ్ ఏదీ నమోదు కాలేదన్నమాట. మన అమ్మాయి కంటితో చూసిన దానికి ఇది యంత్రం ఇచ్చే సాక్ష్యం. బిగుసుకుపోయిన ల్యాప్‌టాప్‌ని మనమే బటన్ నొక్కిపట్టి ఆపేసినా 41 పడుతుంది కాబట్టి, కళ్ళారా చూసింది చేత్తో రాసి పెట్టుకోవడం తప్పదు.

ఈ లాగ్‌లన్నీ ల్యాప్‌టాప్ లోపలే ఉంటాయి. విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ వేస్తే అవీ పోతాయి. సర్వీస్ సెంటర్ చేసిన మొదటి పనే మన అమ్మాయి దగ్గరున్న సాక్ష్యాన్ని చెరిపేసింది. అందుకని యంత్రాన్ని అప్పగించే ముందు లాగ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి. పెన్‌డ్రైవ్ E: అయితే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో:

```
wevtutil epl System E:\system-log.evtx
```

రెండోసారి ఆమె జాగ్రత్తపడింది. ఆగిన ప్రతిసారీ తేదీ, సమయం, ఏం చేస్తోందో, ఛార్జర్ ఉందో లేదో, మళ్ళీ ఆన్ కాగానే బ్యాటరీ ఎంత చూపిస్తోందో రాసుకుంది. రెండు వరుసలు రాశాక ఆమెకే ఒక సంగతి కనపడింది. రెండుసార్లూ ఛార్జర్ పెట్టి ఉంది, రెండుసార్లూ బ్యాటరీ 40 శాతం లోపు ఉంది, రెండుసార్లూ వీడియో క్లాసో, బరువైన ప్రోగ్రామో నడుస్తోంది. అంటే ఛార్జర్ మీద ఒకేసారి రెండు భారాలు పడుతున్నాయి: ఖాళీ అయిన బ్యాటరీని నింపాలి, కష్టపడుతున్న ప్రాసెసర్‌కీ కరెంటు ఇవ్వాలి. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ నిండుగా ఉండి ఉంటే ఆ పరిస్థితి అక్కడ ఎప్పుడూ వచ్చి ఉండదు. ర్యామ్‌నీ డిస్క్‌నీ విడివిడిగా చూసే పరీక్ష పాస్ కావడంలో వింతేముంది?

అనుమానం నిజమో కాదో ఇంట్లోనే చూడొచ్చు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఛార్జర్ పెట్టి అదే పని చేసింది, ఆగలేదు. ఛార్జర్ తీసేసి చేసింది, ఆగలేదు. స్నేహితురాలి దగ్గర అదే కంపెనీ, అదే 65 వాట్ల ఛార్జర్ అడిగి తెచ్చి, బ్యాటరీ తక్కువగా ఉన్నప్పుడు పెట్టి చేసింది, ఆగింది. దాంతో ఛార్జర్ మీద అనుమానం చాలావరకు పోయింది. ఇంతకన్నా ముందుకి వెళ్ళి వెనక మూత విప్పకూడదు. ల్యాప్‌టాప్ వెనక్కి వెళ్ళాక విప్పిన గుర్తులు కనపడితే మాట వేరే దారి పడుతుంది.

ఇక ఉత్తరం. కంపెనీకి ఇంగ్లీషులోనే వెళ్తుంది, విషయం మాత్రం ఇలా ఉంటుంది:

*సబ్జెక్టు: సీరియల్ నంబర్ (ఇక్కడ నంబర్), ఛార్జింగ్‌లో పవర్ పూర్తిగా పోతోంది, రిపేర్ తర్వాత మూడుసార్లు, వారంటీ 2025 ఆగస్టు 13 వరకు*

*అయ్యా, పై ల్యాప్‌టాప్ 2024 ఆగస్టు 14న కొన్నాను, బిల్లు జతచేశాను. నడుస్తుండగా హఠాత్తుగా పవర్ పోతోంది: తెర నలుపు, ఫ్యాన్ ఆగుతుంది, లైట్లు ఆరిపోతాయి. నీలం తెర ఒక్కసారీ రాలేదు. ఛార్జర్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టాకే మళ్ళీ ఆన్ అవుతుంది.*

*జూన్ 6, 11, 15 తేదీల్లో ఆగింది. అప్పటి లాగ్‌లు లేవు, తేదీలు నేను స్నేహితులకి పంపిన మెసేజ్‌ల నుంచి తీసుకున్నవి. జూన్ 17న సర్వీస్ సెంటర్‌కి ఇచ్చాను, విండోస్ మళ్ళీ వేసి 20న ఇచ్చారు, జాబ్ షీట్ జతచేశాను. ఆ తర్వాత:*

*జూన్ 24, రాత్రి 8:30, వీడియో క్లాస్, ఛార్జర్ ఉంది, బ్యాటరీ 22 శాతం.*
*జూన్ 26, సాయంత్రం 6:15, ప్రోగ్రామ్ కంపైల్ అవుతోంది, ఛార్జర్ ఉంది, 31 శాతం.*
*జూన్ 29, రాత్రి 7:05, వీడియో క్లాస్, అదే వాటేజీ ఉన్న వేరే ఛార్జర్, 35 శాతం.*

*బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, ఛార్జర్ లేనప్పుడు అదే పనితో రెండు గంటలు నడిపాను, ఆగలేదు. కింద పడలేదు, నీళ్ళు పడలేదు. లాగ్ ఫైల్, ఆగినప్పుడు తీసిన ఫోన్ వీడియో జతచేశాను.*

*బ్యాటరీని 30 శాతానికి దించి, ఛార్జర్ పెట్టి, ప్రాసెసర్ మీద భారం వేసి పరీక్షించమని కోరుతున్నాను. ఈ ఫిర్యాదుకి కేస్ నంబర్ ఇవ్వగలరు.*

ఇందులో ‘మదర్‌బోర్డు పోయింది’ అని ఎక్కడా లేదు, గమనించారా? ఆమెకి ఆ అనుమానం బలంగా ఉండొచ్చు. కానీ అది రాస్తే వచ్చే జవాబు బోర్డు పాడైందా లేదా అన్న వాదన అవుతుంది. చూసింది రాస్తే వాళ్ళు కాదనడానికి వీల్లేదు, మళ్ళీ చేసి చూడాల్సిందే. అలాగే జూన్ మొదటి మూడు తేదీల గురించి ‘లాగ్‌లు లేవు’ అని ఆమే ముందుగా చెప్పేసింది. ఆ ఒక్క మాటతో మిగిలిన మూడు తేదీలకి నమ్మకం పెరుగుతుంది. కేస్ నంబర్ అడగడం కూడా ఊరికే కాదు. వారంటీ ఉండగానే లోపం చెప్పినట్టు రాతపూర్వకంగా ఉంటే, రిపేర్ ఆగస్టు దాటినా ‘గడువు అయిపోయింది’ అన్న మాటకి జవాబు చేతిలో ఉంటుంది. జవాబే రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. అక్కడా వాళ్ళు అడిగేవి ఈ కాగితాలే.

బోర్డు మార్చడానికి ఒప్పుకున్నారనుకుందాం. అప్పగించే ముందు ఫైళ్ళు వేరే చోట కాపీ చేసుకోవాలి, డేటా పోతే కంపెనీలు సాధారణంగా బాధ్యత తీసుకోవు. ఇంకొకటి చాలామందికి తెలియదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ముందే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాని తాళం మదర్‌బోర్డు మీది చిప్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారగానే విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి రాసుకోకపోతే, బాగుపడిన ల్యాప్‌టాప్‌లో మన ఫైళ్ళే మనకి తెరుచుకోవు.

తిరిగి తీసుకునేటప్పుడు జాబ్ షీట్ మీద ఏ పార్టు మార్చారో రాయించుకోవాలి. అక్కడే ఆన్ చేసి, బయాస్‌లో సీరియల్ నంబర్ వెనకనున్న స్టిక్కర్‌తో సరిపోతోందో చూడాలి. కొత్త బోర్డులో ఆ నంబర్‌ని టెక్నీషియన్ ఎక్కించాలి, మరిచిపోతే రేపు వారంటీ చూసేటప్పుడు తంటా. ఇంటికి వచ్చాక బ్యాటరీని 30 శాతానికి దించి, ఛార్జర్ పెట్టి, వీడియో కాల్ పెట్టి వదిలెయ్యాలి. ఆగిందంటే అదే కేస్ నంబర్ మీద నాలుగో వరుస రాయాలి.