బాధ తెలపడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు

సూరత్ రింగ్ రోడ్డు బట్టల బజారులో చీరల బేరం ఇప్పుడు గద్దెలమీదనే కాక సెల్‌ఫోన్లలోనూ సాగుతోంది. తెలంగాణనుండి వలసవచ్చి ఆ నగరంలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం. అటువంటి ఇంటి అమ్మాయి ఒకతె ఒక చీరల దుకాణంలో తెలుగు కొనుగోలుదారుల చాట్‌లకు జవాబులు రాస్తున్నదనుకుందాం.

కరీంనగర్‌నుండి ఒక గృహిణి రాసింది: “మీ చీర ఒక్కరోజే కట్టుకున్నాను. మెడమీద, చేతులమీద దద్దుర్లు లేచాయి.”

అమ్మాయి మనసు కరిగింది. వెంటనే టైపు చేసింది: “క్షమించండి మేడమ్, మా రంగులోనే లోపం. ఆ రకం చీరలన్నీ అంతే. ఖర్చంతా మేమే భరిస్తాం.”

దయగల మాటలే. కాని ఇందులో ఆమెకు నిజంగా తెలిసినదేమిటి? సింథటిక్ చీరలకు వాడే డిస్పర్స్ రంగులలో కొన్ని కొందరి చర్మానికి పడవు. అయితే సబ్బో, కొత్త నగో కూడా కారణం కావచ్చు. పరీక్షించకుండానే ఆమె కారణం నిర్ణయించింది, తక్కిన చీరలకూ దోషం అంటగట్టింది, హద్దులేని ఖర్చుకు మాట ఇచ్చింది.

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలోని మాట కూడా ఒప్పుకోలుగా పరిగణన పొందవచ్చు. యజమాని తరపున రాయడానికి నియమితులైనవారి మాట యజమానిని చుట్టుకోగలదు. అది తిరుగులేని రుజువు కాదుగాని, తరువాత కాదని నమ్మించడం కష్టం.

భయపడి “నియమాల ప్రకారం మాకు బాధ్యత లేదు” అని రాస్తే, దద్దుర్లతో ఉన్న మనిషికి అది పుండుమీద కారమే. “కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము” అన్న రైల్వేస్టేషన్ ప్రకటనకూ క్షేమమే తప్ప ప్రాణం లేదు!

దిద్దిన జవాబు ఇలా ఉండవచ్చు: “చీర కట్టుకున్న తరువాత మెడమీద, చేతులమీద దద్దుర్లు లేచాయని చదివి చాలా బాధ కలిగింది. దయచేసి ఆ చీర మళ్లీ కట్టుకోకండి, డాక్టరుకు చూపించండి. ఉతకకుండా విడిగా ఉంచి, ఆర్డరు నంబరు, ఫోటో పంపండి. కారణం మేము పరీక్షిస్తాము. రేపు సాయంత్రం 5 గంటలలోగా మీకు రాస్తాను. ఈలోగా, కారణంతో నిమిత్తం లేకుండా, చీర ధర మీకు వాపసు చేస్తున్నాము.”

ఆమె చెప్పినదాన్ని ఆమె మాటగానే తిరిగి చెప్పడం ఇందులోని మెలకువ. విన్నామని తెలుస్తుంది, నిర్ధారించినట్లు కాదు. తెలుగు క్రియలు ఇక్కడ సాయపడతాయి. “మిమ్మల్ని ఇబ్బంది పెట్టాము” అంటే కర్త మనమే. “మీకు ఇబ్బంది కలిగింది” అంటే బాధ నిలుస్తుంది, కర్త తేలడు. ధర వాపసుకు యజమాని అనుమతి ముందే ఉండాలి, లేకుంటే ఆ వాక్యం రాయకూడదు.

ఈ నేర్పుకు ఒక హద్దు ఉన్నది. అదే రకం చీరమీద మరి ముగ్గురు ఇదే ఫిర్యాదు చేసి ఉంటే, “కారణం పరీక్షిస్తాము” అని ప్రతివారికీ విడివిడిగా రాస్తూ అమ్మకం సాగించడం దాపరికమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువుకూ, తగిన హెచ్చరిక లేకపోవడానికీ బాధ్యత మోపుతుంది. అప్పుడు అమ్మాయి చాట్ పక్కనపెట్టి యజమాని గద్దె దగ్గరకు వెళ్లవలసిందే. ఆ సరుకు ఆపాలి, కొన్నవారందరికీ కబురు పంపాలి.