కంటికి ఒకటే, కంప్యూటర్‌కు మూడు

‘హైదరాబాద్’ అనే మాటను కంప్యూటర్ తొమ్మిది సంఖ్యలుగా దాచుకుంటుంది. హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. ఒక్కోదానికి యూనికోడ్‌లో ఒక్కో సంఖ్య. అయితే అదే మాట, తెర మీద అచ్చం అలాగే కనిపిస్తూ, లోపల పది సంఖ్యలుగా కూడా ఉండొచ్చు. అప్పుడు తొమ్మిది సంఖ్యల మాట కోసం వెతికిన మనిషికి పది సంఖ్యల మాట దొరకదు. ఫైలు ఉంటుంది, అందులో పేరు ఉంటుంది, కానీ వెతికితే ‘ఫలితాలు లేవు’ అని వస్తుంది.

ఆ పదో సంఖ్య ఐత్వం దగ్గర పుడుతుంది. ఐత్వాన్ని గమనించి చూస్తే అందులో రెండు ముక్కలున్నాయి. హల్లు తల మీద ఎత్వం, అడుగున ఒక చిన్న గుర్తు. యూనికోడ్ ఈ రెంటినీ కలిపి U+0C48 అనే ఒకే సంఖ్య ఇచ్చింది. ఎత్వానికి U+0C46, అడుగు గుర్తుకు U+0C56 అని విడివిడిగానూ ఇచ్చింది. రెండు పద్ధతులూ సమానమేనని ప్రమాణంలోనే రాసి ఉంది. తెలుగు లిపిలో ఇలా అధికారికంగా రెండు రూపాలున్న గుర్తు ఇదొక్కటే.

విడిపోయిన రూపం ఎవరో కావాలని టైపు చేస్తే వచ్చేది కాదు. పాత మాక్ కంప్యూటర్లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైళ్ల వ్యవస్థ, ఫైలు పేర్లలో ఇలాంటి గుర్తులను విడగొట్టి దాచేది. అక్కడి నుంచి ఎక్కించిన ఫైళ్ల పేర్లు వేరే కంప్యూటర్‌లో టైపు చేసిన పేర్లతో కలవవు. దీనికి మందు నార్మలైజేషన్. ఎన్‌ఎఫ్‌సీ అనే పద్ధతి విడిపోయిన ముక్కలను కలిపి అన్నిచోట్లా ఒకే రూపం చేస్తుంది. పోల్చే ముందు రెండువైపులా దీన్ని నడిపితే ఐత్వం గొడవ పూర్తిగా తీరుతుంది.

చాలామంది ప్రోగ్రామర్లు ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. తెలుగులో అసలు చిక్కు ఇంకా మిగిలే ఉంటుంది.

తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. ‘మహబూబ్‌నగర్’ అని రాయాలంటే బ పొల్లు కింద న ఒత్తు పడకుండా ఆపాలి. అందుకోసం రెండింటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, సంఖ్య U+200C. సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్, ఫేస్‌బుక్ వంటి మాటలన్నిటిలోనూ దీని అవసరం ఉంది. అది ఉంటే మహబూబ్‌నగర్‌లో పదకొండు సంఖ్యలు, లేకపోతే పది. ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. వెతికేటప్పుడు ఆ రెండూ వేర్వేరు ఊళ్లవుతాయి.

ఒత్తు కనిపిస్తే తేడా కనీసం కంటికి తెలుస్తుంది. అసలు కష్టం మాట చివర వస్తుంది. పొల్లుతో ముగిసే మాట వెనక కూడా ఈ గుర్తు పడుతుంటుంది. ‘హైదరాబాద్‌లో’ అన్నచోటి నుంచి ముందు భాగాన్ని కత్తిరించి మరోచోట అతికించినా అది వెంట వచ్చేస్తుంది. అప్పుడు హైదరాబాద్‌కు ఇంకో పది సంఖ్యల రూపం తయారవుతుంది. ఐత్వం విడిపోయి పది అయినది ఒకటి, తోక తగిలి పది అయినది ఇంకొకటి. పక్కపక్కన పెట్టి చూసినా మూడింటి మధ్య తేడా తెలియదు. ఎన్‌ఎఫ్‌సీ ఈ తోకను తీయదు, ఎందుకంటే యూనికోడ్ లెక్కలో అది వేరే అక్షరం, సమాన రూపం కాదు. అనుమానం వచ్చినప్పుడు మాటలోని సంఖ్యల లెక్క తీయడమే సులువైన పరీక్ష. పైథాన్‌లో `len` అడిగితే తొమ్మిదో పదో చెప్పేస్తుంది.

అలాగని ఈ గుర్తును పాఠంలోంచి తుడిచేయకూడదు. తుడిస్తే మహబూబ్‌నగర్‌లో న ఒత్తు పడి పేరు చెడుతుంది. రాసినది రాసినట్టే ఉంచి, పోల్చడానికి మాత్రం పక్కన వేరే రూపం తయారు చేసుకోవాలి:

```python
import unicodedata

def search_key(s):
    s = unicodedata.normalize("NFC", s)
    return s.replace("\u200c", "").replace("\u200d", "")
```

చివరి వరసలోని `\u200d` నాన్ జాయినర్‌కు జతగా ఉండే జాయినర్. అదీ కనిపించదు, కాబట్టి దాన్నీ తీసేయడం మంచిది. వెతికే మాటకూ, దాచిన మాటకూ ఇదే తాళంచెవి వాడితే మూడు హైదరాబాద్‌లూ ఒకటవుతాయి.

ఇక అకారాది క్రమం సంగతి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలను దాదాపు వర్ణమాల వరసలోనే పేర్చారు. అందువల్ల ఏ నియమమూ లేకుండా సంఖ్యలను బట్టి పేర్చినా జాబితా చాలావరకు సరిగానే కనిపిస్తుంది. తప్పు ఆలస్యంగా బయటపడటానికి ఇదే కారణం. నెట్, నెట్టు, నెట్‌వర్క్, నెట్స్ అనే నాలుగు మాటలు తీసుకుంటే నిఘంటువు వరస ఇదే, ట తర్వాత వ, ఆ తర్వాత స. సంఖ్యల ప్రకారం పేరిస్తే నెట్‌వర్క్ అన్నిటికంటే కిందికి పోతుంది. అందులోని నాన్ జాయినర్ సంఖ్య తెలుగు అక్షరాలన్నిటికంటే పెద్దది మరి. విడిపోయిన ఐత్వమూ ఇలాగే వరస చెడగొడుతుంది. దాని మొదటి ముక్క ఎత్వం కాబట్టి హైదరాబాద్ వెళ్లి ‘హేమ’ కంటే ముందు కూర్చుంటుంది.

కొలేషన్ అంటే ఈ వరసకు రాసిపెట్టిన నియమాలు. యూనికోడ్ కొలేషన్ పద్ధతి కనిపించని గుర్తులను లెక్కలోకి తీసుకోదు, సమాన రూపాలను సమానంగా చూస్తుంది. భాషలవారీగా కావలసిన సవరణలు సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి భాండాగారంలో ఉంటాయి. బ్రౌజర్‌లో వాటిని పిలవడానికి ఒక్క వరస చాలు:

```js
names.sort(new Intl.Collator("te").compare)
```

ఏ ఆదేశమూ ఇవ్వకుండా `names.sort()` అంటే మాత్రం మళ్లీ వట్టి సంఖ్యల క్రమమే.

అన్నీ సాంకేతిక నియమాలతో తేలవు. యూనికోడ్ భారతీయ లిపుల పట్టికలను ఇస్కీ అనే మన దేశపు ప్రమాణం నమూనాగా, ఒకదానికొకటి సమాంతరంగా పేర్చింది. అందుకే ల పక్కనే ళ, ర పక్కనే ఱ వచ్చాయి. బడిలో నేర్చిన వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత. సంఖ్యల వరసలో కల, కళ, కవి అవుతాయి. బడి వరసలో కల, కవి, కళ. పిల్లల పదకోశానికి రెండోదే కావాలంటే కొలేషన్‌కు అదనపు నియమం చేర్చుకోవచ్చు. ఏది కావాలో ముందు సంపాదకుడు తేల్చాలి.

పాత పుస్తకాలను వెతకడంలో ఈ బాధ్యత ఇంకా పెద్దది. ‘వాఁడు’లో అరసున్న ఉంది, ఇప్పటి పాఠకుడు ‘వాడు’ అని వెతుకుతాడు. అచ్చులో ‘గుఱ్ఱము’ ఉంటుంది, అతను ‘గుర్రం’ అని కొడతాడు. ఇవి సమాన రూపాలు కావు, వేర్వేరు వర్తనులు. కాబట్టి నార్మలైజేషన్ వీటి జోలికి పోదు. పోల్చే రూపంలో అరసున్న తీసేసి, ఱను ర చేసి, చివరి ‘ము’ను సున్నగా మారిస్తే ఆ పుటలు దొరుకుతాయి. అయితే పాత వ్యాకరణం వేరుగా చూసిన ర, ఱ మాటలు కలిసిపోతాయి, ‘ము’తో ముగిసే వేరే మాటలూ మారిపోతాయి. మామూలు పాఠకుడికి ఈ వదులు వెతుకులాట మేలు చేస్తుంది. శకటరేఫం ఎక్కడెక్కడ వచ్చిందో లెక్కగట్టే పరిశోధకుడికి మాత్రం అక్షరం పొల్లుపోని రెండో వెతుకులాట కూడా అదే తెర మీద అందుబాటులో ఉండాలి.