బోర్డు ఏ క్షణంలో రీసెట్ అవుతోంది?

పెరటి మొక్కలకు వేళకు నీళ్లు పెట్టడానికి ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, 12 వోల్టుల సోలినాయిడ్ వాల్వ్, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ ఉన్నాయనుకోండి. వాల్వ్ బదులు చిన్న బల్బు పెడితే రోజంతా చక్కగా నడుస్తుంది. వాల్వ్ తగిలించగానే బోర్డు ఉన్నట్టుండి రీసెట్ అయి ప్రోగ్రామ్ మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది ప్రోగ్రామ్‌ను అనుమానించి దాన్నే తిరగరాస్తుంటారు. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది, రీసెట్ వాల్వ్ తెరుచుకునేటప్పుడు అవుతోందా, మూసుకునేటప్పుడా అన్నది. ఈ రెండింటి కారణాలూ వేరు, మందులూ వేరు.

దీన్ని కనిపెట్టడం తేలికే. `setup()`లో START అని, వాల్వ్ తెరిచే ముందు ON అని, మూసే ముందు OFF అని కంప్యూటర్‌కు పంపించండి.

```
Serial.println("OFF");
Serial.flush();
digitalWrite(7, LOW);
delay(5000);
```

రెండో వరుసను వదిలేయకూడదు. అక్షరాలన్నీ బయటికి వెళ్లాకే వాల్వ్ జోలికి వెళ్లేలా చూసేది అదే. తెర మీద OFF వెంటనే START కనిపిస్తే బోర్డు మూసే క్షణంలో పడిపోతోందని అర్థం.

వాల్వ్ లోపల ఉండేది సన్నని రాగితీగ చుట్ట, అంటే కాయిల్. అందులో కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుట్టి లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది, నీళ్లకు దారి తెరుచుకుంటుంది. ట్రాన్సిస్టర్ ఆ కరెంటును టక్కున ఆపేస్తే క్షేత్రంలో దాచుకున్న శక్తి ఎటో ఒకవైపు పోవాలి. జోరుగా పారే నీటిని ఒక్కసారిగా కట్టేస్తే పైపు దడేల్మన్నట్టే, కాయిల్ కరెంటును ముందుకే నెట్టాలని చూస్తుంది. దారి లేకపోతే వోల్టేజీ 12 నుంచి వందల్లోకి ఎగబాకుతుంది. టిఐపీ120 ట్రాన్సిస్టర్ తట్టుకోగలిగేది 60 వోల్టులే. అది దెబ్బతినకుండా బయటపడ్డా, ఆ పోటు గ్రౌండ్ తీగల గుండా బోర్డును కుదిపి రీసెట్ చేస్తుంది.

దీనికి మందు ఒక డయోడ్. 1ఎన్4007 చాలు. దాన్ని కాయిల్ రెండు కొసల మధ్య, వీలైనంత వాల్వ్ దగ్గరగా, వెండి గీత ప్లస్ 12 వోల్టుల వైపు ఉండేలా పెట్టాలి. మామూలప్పుడు అందులో కరెంటు పారదు. ట్రాన్సిస్టర్ ఆగిన క్షణంలో మాత్రం కాయిల్ కరెంటు డయోడ్‌లోంచి తిరిగి కాయిల్‌లోకే చుట్టూ తిరుగుతూ చల్లారిపోతుంది. గీత తిరగబడితే మాత్రం ట్రాన్సిస్టర్ ఆన్ కాగానే అడాప్టర్ షార్ట్ అవుతుంది. టిఐపీ120 లోపలే డయోడ్ ఉందని కొందరు దీన్ని మానేస్తారు. ఆ డయోడ్ ఉన్నది కలెక్టర్, ఎమిటర్ల మధ్య. కాయిల్ పోటుకు అది దారి ఇవ్వదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మల్టీమీటర్‌లో కాయిల్ నిరోధం 30 ఓములు వచ్చిందనుకుందాం. 12ను 30తో భాగిస్తే 0.4 ఆంపియర్, అంటే 400 మిల్లీఆంపియర్లు. ఊనో పిన్ నుంచి 20కి మించి తీసుకోకపోవడం మంచిది. అందుకే మధ్యలో ట్రాన్సిస్టర్. పిన్‌కూ బేస్‌కూ మధ్య ఒక కిలో ఓము రెసిస్టర్ పెడితే పిన్ మీద పడేది మూడున్నర మిల్లీఆంపియర్ల చిల్లరే. ఎమిటర్‌ను కాస్త లావు తీగతో నేరుగా అడాప్టర్ మైనస్‌కు కలపాలి. బోర్డు గ్రౌండ్‌ను విడిగా ఇంకో తీగతో అక్కడికే తేవాలి. వాల్వ్ కరెంటు బోర్డు గ్రౌండ్ తీగలోంచి పోకూడదు. డయోడ్ పెట్టినా తగ్గని రీసెట్లు చాలావరకు ఈ తీగ మార్చగానే పోతాయి.

ఇక ON వెంటనే START వస్తే ఆ జబ్బు వేరు. మోటార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో, మామూలుగా తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. బలం చాలని అడాప్టర్ వోల్టేజీ కిందికి జారుతుంది, దాని మీదే బతికే బోర్డు ఆరిపోయి మళ్లీ లేస్తుంది. ఈఎస్‌పీ32 బోర్డయితే తెర మీద `Brownout detector was triggered` అని తానే చెబుతుంది. ఎన్ని డయోడ్లు పెట్టినా ఇది తగ్గదు. బోర్డుకు వేరే సప్లై ఇవ్వాలి, లేదా గట్టి అడాప్టర్ తెచ్చి మోటారు దగ్గర వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాలి. మోటారు బ్రష్షుల దగ్గర ఎగిరే నిప్పురవ్వల రొదకు టెర్మినళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేయాలి. మోటారుకు డయోడ్ మాత్రం అప్పుడూ అవసరమే. వేగం తగ్గించి పెంచేందుకు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేసేటట్టయితే 1ఎన్4007 నెమ్మది అవుతుంది, అక్కడ 1ఎన్5819 లాంటి షాట్కీ డయోడ్ వాడాలి.

ఇదంతా డీసీ వాల్వ్‌ల సంగతి. తోటల్లో నీటిపారుదలకు వాడే వాల్వ్‌లలో చాలా వాటికి 24 వోల్టుల ఏసీ కావాలి. వాటి కాయిల్‌కు అడ్డంగా డయోడ్ పెడితే ప్రతి రెండో అర్ధచక్రంలో ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ అవుతుంది. వాటికి ట్రాన్సిస్టర్ పనికిరాదు, రిలే పెట్టాలి. డయోడ్ ఆ రిలే సొంత కాయిల్‌కు మాత్రమే వేయాలి.