నిమిషానికి పది రూపాయలు

శంషాబాద్ విమానాశ్రయంలో దిగినవాళ్లకు క్యాబ్ కాసేపట్లోనే వచ్చేస్తుంది. అది రావడానికి ముందు డ్రైవరు పార్కింగ్ స్థలంలో ఎంతసేపు కాచుకున్నాడో ప్రయాణికుడికి తెలియదు. ఒక్కోరోజు గంట, ఒక్కోరోజు మూడు గంటలు. వరుసలో తన వంతు వచ్చేదాకా సీటు వెనక్కి వాల్చి పడుకోవాలి, లేదా ఫోను చూస్తూ కూర్చోవాలి.

అలా కూర్చునే ఒక పాలమూరు డ్రైవరు కథ ఇది. మనిషి కల్పితం. లెక్క మాత్రం ఈ పని చేసిన వాళ్లందరికీ తెలిసిందే.

అతనికి ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. తెలుగు మాటలు విని టైపు చేస్తే నిమిషం ఆడియోకు 10 రూపాయలట. మాటలు గుర్తుపట్టేలా కంప్యూటర్లకు నేర్పడానికి మనిషి మాట, దాని పక్కన దాని రాత, రెండూ వేల గంటల కొద్దీ కావాలి. ఆ రాత తయారుచేసే పనినే ట్రాన్స్‌క్రిప్షన్ అంటున్నారు. ప్రకటన కింద లెక్క కూడా వాళ్లే వేసిపెట్టారు: గంటకు 600. రోజుకు రెండు గంటలు కాచుకుంటే 1,200. మన డ్రైవరు అప్పటికప్పుడు కారు ఈఎంఐలో ఎంత తీరిపోతుందో కూడా చూసుకున్నాడు.

పక్క కారు అతను అడిగాడు. "ఏం టైపు చేస్తున్నవ్ తమ్మీ, పొద్దటి సంది?"

"ఆడియో ఇని రాస్తున్న అన్నా. గంట ఆడియోకి ఆర్నూర్లు."

"గంట ఆడియో రాయనీకి ఎన్ని గంటలు పడ్తది?"

ఆ ప్రశ్న ప్రకటనలో లేదు. వాళ్లు చెప్పింది అబద్ధమని కూడా అనలేం. కూలి ఆడియో నిమిషానికి కట్టారు, చదివినవాడు దాన్ని గడియారం నిమిషం అనుకున్నాడు. ఈ రెండు నిమిషాలకూ ఎంత దూరమో ఈ వృత్తిలో పాతవాళ్లకు తెలుసు. స్పష్టంగా ఉన్న ఒక గంట ఆడియోకు, చేయి తిరిగిన టైపిస్టుకే నాలుగు గంటల దాకా పడుతుందన్నది ఇంగ్లీషు ట్రాన్స్‌క్రిప్షన్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. అదీ మంచి కీబోర్డు, ఆడియోను ఆపడానికీ వెనక్కి జరపడానికీ కాలి కింద పెడల్ ఉంటే. అంటే 10 రూపాయల రేటు మీద ఎంత నేర్పరికైనా గంటకు దక్కేది 150 దగ్గరే. 600 రావాలంటే ఆడియో ఎంత వేగంగా నడుస్తుందో అంత వేగంగా, ఎక్కడా ఆపకుండా టైపు చేయాలి. ఫోను మీద బొటనవేళ్లతో అది అయ్యే పని కాదు.

అతనికి వచ్చిన మొదటి క్లిప్పు సరిగ్గా ఒక నిమిషం. ఎవరో ఒక రైతును పత్తి ధర గురించి అడుగుతున్నారు. మొత్తం 110 మాటలున్నాయి అనుకుందాం. ముందు ఒకసారి పూర్తిగా విన్నాడు, నిమిషం. ఫోనులో తెలుగు అతని చేతికి నిమిషానికి 16 మాటలు పడుతుంది, కాబట్టి టైపింగుకే ఏడు నిమిషాలు. వినపడని చోట్ల వెనక్కి వెళ్లి మళ్లీ వినడానికి రెండు. ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టడానికి, దగ్గుకూ ట్రాక్టరు చప్పుడుకూ వేరే గుర్తులు వేయడానికి ఒకటిన్నర. చివర సరిచూసుకోవడానికి ఇంకో ఒకటిన్నర. కలిపితే 13 నిమిషాలు, చేతికొచ్చేది 10 రూపాయలు. గంటకు 46.

టైపింగు అంత నెమ్మదిగా సాగడానికి అతని వేళ్లనొక్కటే తప్పుపట్టలేం. ఫోనులో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, పైన వచ్చే తెలుగు మాటల్లోంచి ఒకటి ఎంచుకుంటారు. "వస్తున్నాడు" అయితే వెంటనే దొరుకుతుంది. రైతు అన్నది "ఒస్తుండు". అది ఆ వరుసలో రాకపోవచ్చు, వచ్చినా అడుగున ఉంటుంది. నిబంధన మాత్రం పలికింది పలికినట్టు రాయాలంటుంది, సరిదిద్దకూడదు. సగంలో తెగిపోయిన మాట తెగినట్టే ఉండాలి. "ఆఁ", "మరీ" అని సాగదీస్తే అదీ రాయాలి. ధర అంకెల్లో వేయకూడదు, "ఏడు వేల రెండొందలు" అని అక్షరాల్లో ఉండాలి. మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో రాయాలి. మన చదువంతా మాటను చక్కదిద్ది రాయమని నేర్పింది, ఇక్కడ ఆ అలవాటే తప్పుల కింద పోతుంది.

ఫోన్ కాల్ రికార్డింగు వస్తే పని ఇంకా జటిలం. పాత తరహా టెలిఫోన్ లైను గొంతులో దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్నదాన్నే మోస్తుంది. "స", "శ", "ఫ" లాంటి ధ్వనుల్ని వేరుచేసే సన్నని భాగం చాలావరకు దానికి పైనే ఉండి తెగిపోతుంది. తెలిసిన మాటయితే సందర్భాన్ని బట్టి చెవే పూరించుకుంటుంది. ఊరి పేరో మనిషి పేరో అయితే ఎన్నిసార్లు విన్నా తేలదు. కొత్తవాళ్లు అక్కడే పంతానికి పోతారు. మూడోసారికీ తేలకపోతే "అస్పష్టం" గుర్తు వేసి ముందుకు పోవడమే నయం, నిబంధనలు కూడా దానికి చోటు ఇస్తాయి.

పైన వేసిన 46 రూపాయల లెక్క కూడా కదలకుండా కూర్చుంటేనే. కాచుకునే సమయం ఒకే ముక్కగా దొరకదు. వరుస కదిలితే కారు ముందుకు తీయాలి. యాప్ మోగితే ఆడియో ఆగిపోతుంది. ట్రిప్పు వచ్చిందంటే క్లిప్పు సగంలో ఉంటుంది, తిరిగి వచ్చాక ఎవరు ఎవరో గుర్తు రావాలంటే మొదటినుంచీ వినాలి. ప్రయాణికుడు ఉండగా స్పీకరులో పెట్టడానికి లేదు, ఆ ఆడియో బయటివాళ్లకు వినిపించనని ఒప్పుకున్నాకే పని ఇస్తారు. ఎండాకాలం ఏసీ వేస్తే ఇంజను తాగే ఇంధనం ఉంది, అద్దాలు దించితే విమానాల హోరు. అలా రెండు గంటల్లో తొమ్మిది నిమిషాల ఆడియో అవ్వాల్సింది ఆరు దగ్గర ఆగుతుంది. 60 రూపాయలు.

పైగా తిరుగుటపా ఒకటి ఉంది. ఇచ్చిన పనిలో కొంత భాగాన్ని తనిఖీ చేసేవాళ్లు విని చూస్తారు. తప్పులు హద్దు దాటితే మొత్తం కట్ట వెనక్కి వస్తుంది, దిద్దడానికి వేరే కూలి ఉండదు. మన డ్రైవరు మొదటి కట్టలో "ఒస్తుండు"ను "వస్తున్నాడు" చేసి పంపాడు. 20 నిమిషాల ఆడియో తిరిగొచ్చింది. దిద్దడానికి రెండు రోజుల కాపు గంటలు పోయాయి.

ఒప్పుకోకముందే దీన్ని పసిగట్టే దారి ఒకటుంది. నమూనాగా మూడు నిమిషాల ఆడియో అడిగి, తెరిచిన దగ్గర్నుంచి పంపేదాకా ఫోనులో స్టాప్‌వాచ్ నడపాలి. ఇంట్లో ఫ్యాను కింద కాదు, కారులోనే, వరుసలో ఉండగానే. వచ్చిన సమయాన్ని మూడుతో భాగిస్తే మన నిమిషం ఎంతో తేలుతుంది. ఇక పని ఇవ్వడానికే ముందు రిజిస్ట్రేషను ఫీజో డిపాజిటో కట్టమంటే లెక్క వేయనే అక్కర్లేదు, అది మోసం. కట్టేసినవాళ్లు 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వాలి.

అతను పని మానలేదు. 800 పెట్టి చిన్న బ్లూటూత్ కీబోర్డు కొని పక్క సీట్లో పెట్టుకున్నాడు. చప్పుడు గుర్తులకు కీబోర్డు నిఘంటువులో రెండక్షరాల పొట్టిపేర్లు పెట్టుకున్నాడు. ముందు మొత్తం వినడం మానేసి, ముప్పావు వేగంలో వింటూనే రాయసాగాడు. రెండు నెలలకు నిమిషం ఆడియో ఎనిమిది నిమిషాలకు దిగింది, అంటే అంతరాయం లేని గంటకు 75. ఇద్దరు ఒకేసారి మాట్లాడే క్లిప్పులు, ఫోన్ కాళ్లు ఇప్పుడు తీసుకోడు. ఒక్కరే మాట్లాడే 30 సెకన్ల ముక్కలు మాత్రమే తీసుకుంటాడు, ట్రిప్పు మోగేలోగా ఒకటి పూర్తిచేసి పంపేయవచ్చని.

"ఈఎంఐ ఎల్తదా మరి?" అని పక్క కారు అన్న అడిగాడు.

"యాడికెళ్తది అన్నా. ఫాస్టాగ్ ఎల్తది."