ఇంటర్వ్యూకి ముందు కంపెనీని చదవడం

ఇంటర్వ్యూ ముగిసేముందు "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్న మాట దాదాపు తప్పకుండా వస్తుంది. ఎక్కువమంది "ఇక్కడ వర్క్ కల్చర్ ఎలా ఉంటుంది సార్?" అని అడిగి ఊరుకుంటారు. దానికి ప్రతి కంపెనీలోనూ ఒకే జవాబు దొరుకుతుంది. పదునైన ప్రశ్న అప్పటికప్పుడు తట్టదు. కంపెనీ తన గురించి చెప్పుకునేది, అందులో పనిచేసినవాళ్లు చెప్పేది, దాని సేవను వాడినప్పుడు తెలిసేది, ఈ మూడూ పొసగని చోట అది పుడుతుంది.

స్విగ్గీని ఉదాహరణగా తీసుకోవచ్చు. 2014లో బెంగళూరులో మొదలైన ఈ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన శ్రీహర్ష మాజేటి తెలుగువారే. కిరాణా సరుకులు నిమిషాల్లో చేర్చే దీని ఇన్‌స్టామార్ట్ విభాగంలో, హైదరాబాద్‌లో ఆపరేషన్స్ అనలిస్ట్ ఉద్యోగానికి ఒక అభ్యర్థి వెళుతున్నాడనుకుందాం.

మొదట చూడాల్సింది వార్తలు కాదు, ఆ వార్తలకు మూలమైన కాగితాలు. స్విగ్గీ షేర్లు 2024 నవంబరులో మార్కెట్లోకి వచ్చాయి. అలా వచ్చే ప్రతి కంపెనీ సెబీకి ప్రాస్పెక్టస్ సమర్పించాలి. సెబీ వెబ్‌సైట్‌లో దాన్ని ఎవరైనా ఉచితంగా చదవచ్చు. వందల పేజీల పత్రం కాబట్టి మొత్తం చదవక్కర్లేదు. వ్యాపారాన్ని దెబ్బతీయగలవాటిని కంపెనీయే ఒప్పుకుని రాసే 'రిస్క్ ఫ్యాక్టర్స్', వసూలైన డబ్బును దేనికి ఖర్చుపెడతారో చెప్పే అధ్యాయం చదివితే చాలు. ప్రకటనల్లో ఎన్నడూ కనపడని నిజాలు ఇక్కడ ఉంటాయి, ఎందుకంటే వీటిని రాయక తప్పదని చట్టం చెబుతోంది. స్విగ్గీ తన డబ్బులో కొంత భాగాన్ని ఇన్‌స్టామార్ట్ డార్క్ స్టోర్లను, అంటే కస్టమర్లు రాని, డెలివరీ కోసమే నడిచే గోడౌన్ దుకాణాలను పెంచడానికి కేటాయించింది.

ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలు, వాటాదారులకు రాసే లేఖ చూడాలి. 2023-24లో సుమారు 2,350 కోట్ల రూపాయలు ఉన్న స్విగ్గీ నష్టం 2024-25లో 3,100 కోట్లు దాటింది. హోటల్ భోజనం చేర్చే పాత వ్యాపారం కుదుటపడుతుంటే, డార్క్ స్టోర్ల విస్తరణ డబ్బు మింగింది. అభ్యర్థి వెళుతున్నది సరిగ్గా ఆ విభాగానికే. నష్టాల విభాగమని భయపడి మానుకోనక్కర్లేదు గానీ, అక్కడివాళ్లకు పొద్దున లేస్తే పట్టుకునే తలనొప్పి ఏమిటో ఈ ఒక్క విషయంతో తెలిసిపోతుంది.

ఆ తలనొప్పి కస్టమర్ వైపు నుంచి ఎలా కనపడుతుందో యాప్‌లోనే చూడవచ్చు. పాలు, బ్రెడ్ కలిపి 120 రూపాయల బుట్ట ఒకటి, 600 రూపాయల బుట్ట ఇంకొకటి తయారుచేసి రెండింటి బిల్లులనూ పక్కపక్కన పెట్టాలి. డబ్బు కట్టకుండానే డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డరు మీద వేసే అదనపు రుసుము వరసగా కనిపిస్తాయి. సరుకు విలువ ఎంతైనా డెలివరీ మనిషికి అయ్యే ఖర్చు పెద్దగా మారదు. అందుకే చిన్న బుట్టలో కంపెనీకి చేతినుంచి పోతుంది, పెద్ద బుట్టలో మిగులుతుంది. అడ్రసును కూకట్‌పల్లి నుంచి ఉప్పల్‌కు మార్చి అవే సరుకులు వెతికితే ఏ స్టోర్‌లో ఏం దొరకడం లేదో తెలుస్తుంది. పోటీ యాప్‌లో అదే గంటకు అదే పని చేసి పోల్చాలి. ప్లే స్టోర్‌లో ఒక స్టార్ ఇచ్చినవాళ్లు తిట్టి వదిలేస్తారు. మూడు స్టార్లు ఇచ్చినవాళ్లే ఏది బాగుందో, ఏది లేదో విడమర్చి రాస్తారు.

ఉద్యోగుల రివ్యూలతో కాస్త జాగ్రత్త కావాలి. యాంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్ పేజీల్లో పైన పెద్దగా కనపడే రేటింగ్ ఎందుకూ కొరగాదు. సేల్స్ కుర్రాడు, గోడౌన్ సూపర్‌వైజర్, కోడ్ రాసే ఇంజినీరు, ముగ్గురి అనుభవాలనూ కలిపి తీసిన సగటు అది. విభాగం, ఊరు, గడిచిన ఏడాది అని వడపోస్తే మిగిలే పది పదిహేను రివ్యూలే అసలు సరుకు. ఒకే వారంలో అయిదేసి స్టార్లు, లోపాల గడిలో 'ఏమీ లేవు' అన్న మాట వరసగా కనిపిస్తే, ఎవరో అడిగి రాయించి ఉంటారని అనుమానించాలి. రెండో వైపు కూడా చూడాలి. స్విగ్గీ 2023 జనవరిలో 380 మందిని తొలగించింది. ఏ కంపెనీలోనైనా అలాంటి నెలల్లో రాసిన రివ్యూల్లో కోపం పాలు ఎక్కువ కాబట్టి వాటిని విడిగా చదవాలి. వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు ఒకే చిన్న సంగతిని, ఉదాహరణకు షిఫ్ట్ రోస్టర్ ముందురోజు రాత్రి మారిపోతుందని రాస్తే, దాన్ని నమ్మవచ్చు.

ఇంత సేకరించాక దాన్ని ప్రశ్నగా మలచడం వేరే పని. "మీ నష్టాలు పెరిగాయి కదా, ఎప్పుడు లాభాల్లోకి వస్తారు?" అన్నది తెలివి చూపించుకునే ప్రశ్న. అవతల కూర్చున్న టీమ్ మేనేజర్ చేతిలో దానికి జవాబు లేదు. అదే విషయాన్ని ఆయన పనిలోకి దించాలి: "చిన్న ఆర్డర్ల మీద అదనపు రుసుము చూశాను. దానివల్ల కస్టమర్లు బుట్ట పెంచుతున్నారా, యాప్ మూసేసి పోతున్నారా? మీ టీమ్ దీన్ని స్టోర్ వారీగా చూస్తుందా, నగరం మొత్తానికి చూస్తుందా?" ఇందులో అభ్యర్థి కళ్లారా చూసిన విషయం ఉంది, రెండు దారులున్నాయి, ఆ ఉద్యోగంలో రేపు చేయబోయే పనీ ఉంది. మేనేజర్ జవాబు చెబుతూనే తన ఇబ్బందులు బయటపెట్టేస్తాడు. అంకెలు రహస్యమైతే ఆ మాటే చెబుతాడు, అక్కడ పట్టుబట్టకూడదు.

రివ్యూల్లో దొరికిన సంగతికి ఇంకో పద్ధతి. "మీ గురించి ఇలా రాశారు" అంటే ఎదుటివాళ్లు కవచం తొడుక్కుంటారు. "రోస్టర్ ఎన్ని రోజుల ముందు ఖరారవుతుంది? పోయిన నెలలో ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చింది?" అని మామూలుగా అడగాలి. "వారం ముందు, రెండుసార్లు మార్చాం" అంటే నిజం చెబుతున్నట్టే. "ఇక్కడ అందరం ఒక కుటుంబంలా ఉంటాం" అని వస్తే ఆ రివ్యూలకు బలం పెరిగినట్టే. ఈ ప్రశ్న హెచ్‌ఆర్‌ను కాదు, రోజూ ఆ షిఫ్టుల్లో ఉండే మేనేజర్‌ను అడగాలి.

స్టాక్ మార్కెట్లో లేని చిన్న కంపెనీలకు ప్రాస్పెక్టస్ ఉండదు, రివ్యూలూ నాలుగైదుకు మించవు. మాదాపూర్, అమీర్‌పేట చుట్టుపక్కల కన్సల్టెన్సీలు చాలావరకు ఇలాంటివే. అక్కడ రెండు ప్రభుత్వ వెబ్‌సైట్లు పనికొస్తాయి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు కొడితే ఎప్పుడు నమోదైందో, ఇప్పటికీ నడుస్తోందో లేదో ఉచితంగా తెలుస్తుంది. కొద్దిపాటి ఫీజు కడితే దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్ కూడా చూడవచ్చు. ఈపీఎఫ్ఓ సైట్‌లోని ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో వరసగా ఉంటుంది. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, మొదటి ఉద్యోగంలోనే నిర్ణీత పరిమితికి మించిన జీతంతో చేరి పీఎఫ్ వద్దనుకున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. కాబట్టి అసలు సంఖ్య కొంత ఎక్కువే ఉండవచ్చు. అయినా "మాది మూడు వందల మంది కంపెనీ" అని చెప్పే చోట ప్రతినెలా పదకొండు మందికే పీఎఫ్ పడుతుంటే, మిగతావాళ్లు ఎవరి పేరోల్ మీద ఉన్నారని, ఆఫర్ లెటర్ ఏ కంపెనీ పేరుతో వస్తుందని అడగాల్సిందే.