బాబూ, సోమ బుధ శుక్రవారాలు... పది నిమిషాలు

కొడుకు ఫోన్ చేస్తే చాలా ఇళ్లలో నాన్న మాట్లాడేది రెండే రెండు ముక్కలు. ‘ఆఁ, బాగానే ఉన్నాం. ఇదుగో, అమ్మకిస్తున్నా!’ ఆ తర్వాత అరగంటా అమ్మదే. నాన్నకు మోకాలి నొప్పి తగ్గలేదని, పక్కవాటా వాళ్లు ఖాళీ చేశారని, మేనత్త కూతురికి సంబంధం కుదిరిందని అన్నీ ఆవిడ నోటనే. నాన్న పక్కనే పేపరు పట్టుకుని వింటూ, ‘వాడికి బ్యాంకు సంగతి కూడా చెప్పు’ అని అందిస్తుంటారు. ఆ లెక్కన ఆయన కూడా కొడుకుతో మాట్లాడినట్టే.

ఆ అమ్మ పోయాక చిక్కు మొదలవుతుంది. తండ్రీకొడుకుల మధ్య ప్రేమేమీ తగ్గదు, మాట్లాడే అలవాటే ఇద్దరికీ ఉండదు. ‘బీపీ మాత్ర వేసుకున్నారా?’, ‘వేసుకున్నా.’ ‘లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా?’, ‘ఇచ్చా.’ రెండు నిమిషాల్లో అడగాల్సినవన్నీ అయిపోతాయి. ఫోను పెట్టేశాక ఆయనకు ఇంకేదో చెప్పాలనిపిస్తుంది. మళ్లీ చేద్దామంటే ‘వాడు ఆఫీసులో ఉంటాడేమో’ అని చెయ్యి ఆగిపోతుంది.

ఇలాంటప్పుడు కొందరు తండ్రులు కాగితం అందుకుంటారు. మాటకు అడ్డొచ్చే మొహమాటం రాతలో కాస్త సడలుతుంది. విద్యుత్ శాఖలో రిటైరై, గుంటూరులో ఒక్కరే ఉంటున్న ఒక తండ్రి డాలస్‌లో ఉన్న కొడుకుకు ఉత్తరం రాస్తున్నారనుకుందాం. పాత అలవాటు కొద్దీ ‘చిరంజీవికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ క్షేమం’ అని మొదలుపెడతారు. క్షేమమని రాసేశాక, బాగాలేదన్న సంగతి ఎక్కడ ఇరికించాలో తెలియదు. దాంతో అసలు బాధ నిష్ఠూరంగా బయటికొస్తుంది: ‘మీకు మీ పనులు ఎక్కువయ్యాయి. మేమంటూ ఒకళ్లం ఉన్నామని గుర్తుంటే ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి.’

ఈ ఉత్తరం చదివిన కొడుకు ఆ ఆదివారమే ఫోన్ చేస్తాడు. గంట మాట్లాడతాడు. అందులో సగం తను ఎందుకు చేయలేకపోయాడో చెప్పుకోవడమే. ఆ తర్వాత నెలరోజులు మళ్లీ మామూలే. తప్పు ఎత్తి చూపారు కాబట్టి సంజాయిషీ ఇచ్చాడు. ఏం కావాలో అందులో లేదు కాబట్టి అది ఇవ్వలేదు. అదే తండ్రి ఇంకో రకంగా రాస్తే ఇలా ఉండొచ్చు:

‘నాన్నా, ఒంట్లో బాగానే ఉంది, డబ్బుకు లోటు లేదు. మీ అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేక ఒంటరిగా ఉంటోందిరా. పొద్దున పనమ్మాయి వెళ్లాక సాయంత్రం వాకింగుకు పోయేదాకా నోరు విప్పే పనే ఉండదు. మొన్న గ్యాస్ ఏజెన్సీ నుంచి ఫోనొస్తే అక్కర్లేకపోయినా నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగాను. ఇది నీ తప్పని రాయడం లేదు. సోమ, బుధ, శుక్రవారాలు నువ్వు ఆఫీసుకు వెళ్లేటప్పుడు కారులో నుంచి పది నిమిషాలు మాట్లాడగలవా? పెద్ద విషయాలేం అక్కర్లేదు. మధ్యాహ్నం ఏం తిన్నావో, మీ మేనేజరు ఏమన్నాడో చెప్పు చాలు. కుదరని రోజు ఒక మెసేజ్ పెట్టు, ఎదురుచూడను.’

ఇందులో ఒంటరితనం ఒక్క వాక్యంలో, సూటిగా ఉంది. అడిగింది ఎంతో, ఎప్పుడో తెలిసిపోతోంది. కొడుకు సరే అనొచ్చు, కాదు శని ఆదివారాలు చేస్తాననొచ్చు. బేరమాడటానికైనా చోటుంది.

వారానికో గంట కాకుండా మూడుసార్లు పది నిమిషాలు ఎందుకు? కరోనా రోజుల్లో అమెరికాలోని టెక్సస్‌లో జరిగిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ఇళ్లకు భోజనం చేరవేసే ఒక సేవాసంస్థ నుంచి సాయం అందుకుంటున్న 240 మందిని తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లే. సగంమందికి నాలుగు వారాలపాటు ఫోన్లు వెళ్లాయి, మిగతా సగానికి వెళ్లలేదు. ఫోన్ చేసింది డాక్టర్లు కాదు, 17 నుంచి 23 ఏళ్ల మధ్య ఉన్న పదహారు మంది కుర్రవాళ్లు. సలహాలివ్వకుండా, అవతలివాళ్లు మాట్లాడదలచుకున్నది వినడమే వాళ్ల పని. మొదటి అయిదు రోజులు రోజూ చేశారు. ఆ తర్వాత వారానికి రెండుసార్లా, అయిదుసార్లా అన్నది పెద్దవాళ్ల ఇష్టానికే వదిలారు.

ఒంటరితనాన్ని మూడు ప్రశ్నలతో కొలిచారు. తోడు లేదనిపిస్తోందా, నన్ను పక్కన పెట్టేశారనిపిస్తోందా, అందరికీ దూరమైపోయాననిపిస్తోందా? ఎప్పుడో గానీ లేదంటే ఒకటి, అప్పుడప్పుడు అంటే రెండు, తరచూ అంటే మూడు. కలిపితే మూడు నుంచి తొమ్మిది దాకా వస్తుంది. నెల తిరిగేసరికి ఫోన్లు అందుకున్నవాళ్లలో ఈ లెక్క, అందుకోనివాళ్లతో పోలిస్తే, సుమారు ఒక పాయింటు మేర తగ్గింది. దిగులూ ఆందోళనా కూడా తగ్గాయి. 2021లో ‘జామా సైకియాట్రీ’ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. అది నాలుగు వారాల ముచ్చటే. ఏళ్ల తరబడి అదే ఫలం ఉంటుందని అది చెప్పదు. కాకపోతే ముక్కూమొహం తెలియని కుర్రవాళ్ల ఫోన్లకే ఆ మాత్రం గుణం కనిపించింది.

‘పార్కులో మీ ఫ్రెండ్స్ ఉన్నారుగా నాన్నా’ అని కొడుకులు అనడం మామూలే. రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజికవేత్త 1973లోనే ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీశాడు. నలుగురిలో కలిసే వీలు లేకపోవడం ఒకటి, మనసుకు దగ్గరైన మనిషి లేకపోవడం మరొకటి. ఒకదాని లోటు మరొకటి తీర్చదంటాడాయన. పార్కు బెంచీ మీద పే రివిజన్ గురించీ, డీఏ బకాయిల గురించీ గంటసేపు వాదించుకుని వచ్చిన మనిషి ఇంట్లో లైటు వేసుకున్నాక ఒంటరిగా ఉండొచ్చు. కొడుకు ఫోన్ కూడా భార్య లేని లోటును పూడ్చలేదు. ఆ సంగతి తండ్రికీ తెలుసు.

టైము కుదుర్చుకోవడంలో ఒక మెలిక ఉంది. డాలస్‌లో ఉదయం ఎనిమిదైతే వేసవిలో గుంటూరులో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి అదే ఎనిమిది ఇక్కడ ఏడున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఇది ముందే చెప్పకపోతే నవంబరులో తండ్రి గంటసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటారు.

ఫోన్లు వేళకు వస్తున్నా మాట సాగడం లేదంటే వేరే కారణం వెతకాలి. అడిగిందానికి సంబంధం లేని జవాబులొస్తున్నా, టీవీ సౌండు పెరుగుతున్నా, త్వరగా ‘సరే, ఉంటా’ అంటున్నా చెవుల పరీక్ష చేయించాలి. వినబడటం లేదని ఒప్పుకోవడం కంటే ఫోను పెట్టేయడం చాలామందికి సులువు. వీడియో కాల్‌లో పెదవులు కనిపిస్తాయి కాబట్టి కొంత తేలిక.

ఇంకో రకం మౌనం ఉంది. రెండు వారాలకు పైగా నిద్ర సరిగా లేక, తిండి తగ్గి, వాకింగ్ మానేసి, ఇదివరకు ఇష్టంగా చూసే క్రికెట్ కూడా కట్టేస్తుంటే అది ఒట్టి ఒంటరితనం కాకపోవచ్చు. డిప్రెషన్ అయ్యే అవకాశం ఉంది, దానికి ఫోన్లు పెంచితే సరిపోదు, డాక్టరుకు చూపించాలి. దూరాన ఉన్న కొడుకు ఇవన్నీ పది నిమిషాల్లో పసిగట్టలేడు. ఊళ్లో ఉన్న బాబాయినో, పక్కింటివాళ్లనో వారానికోసారి ఇంటికెళ్లి చూసిరమ్మని అడగాలి. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ నంబరు 14567 ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది. దాన్ని నాన్న ఫోనులో ఎక్కించి, ఎలా చేయాలో ఒకసారి చేయించి చూపిస్తే సరి.